పద్దెనిమిది మీటర్లకు పది క్లాంపులు

మా మేనల్లుడికీ వాడి బావకీ మాటలు లేవు. ఆ పగ ఎంత ముదిరిందంటే, ఇద్దరూ ఎదురుపడితే మధ్యలో ఉన్న గాలి తనకెందుకొచ్చిన గొడవని పక్కకి తప్పుకుని పోవడం నా కళ్లతో చూశాను. ఒకసారి వాళ్లిద్దరి మధ్యా ఎగురుతున్న ఈగ ఒకటి ఎటు వాలాలో తెలియక అక్కడే గాల్లో ముసలిదైపోయింది. నమ్మకపోతే మానేయండి, ఈగ తరఫు సాక్షుల్ని ఇప్పుడు నేనెక్కడి నుంచి తేను?

గొడవ ఒక పానా దగ్గర మొదలైంది. బోల్టులు బిగించే మామూలు ఇనుప పానా. బావ దగ్గర తీసుకున్న పానాని వీడు తిరిగి ఇచ్చాడు, అది నాది కాదు అరిగిపోయిన వేరేదని ఆయన అన్నాడు. అంతే. మనుషులు రాజ్యాల కోసం కొట్టుకుంటారని బళ్లో మా పంతులు చెప్పాడు గానీ, ఆయన మా వాళ్లని చూడలేదు.

మేనల్లుడు పరంజా మేస్త్రి. భవనాల ముఖాలకి ఇనుప పైపులతో పరంజా కట్టడం వాడి పని. ఆ పైపులూ, వాటిని ఒకదానికొకటి బిగించే క్లాంపులూ అద్దెకిచ్చే యార్డు వాడి బావది. ఎవరేం అడిగినా సగానికి కోసి ఇస్తాడు కాబట్టి ఆయన్ని అందరూ కత్తెర అంటారు, వెనకాలే కాదు, ముందు కూడా. ఇక ఆ పరంజా ఎక్కి గోడలకి ప్లాస్టరు చేసే ముఠా నడిపేది మా మేనకోడలు, అంటే మేస్త్రికి అక్క, కత్తెరకి పెళ్లాం. పైపు మొగుడిది, కట్టేది తమ్ముడు, ఎక్కేది తను. నేను యార్డు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని సరుకు లెక్కపెట్టి పంపుతుంటాను. నన్ను వీడు మామయ్యా అంటాడు, ఆయన బాబాయ్ అంటాడు. ఇద్దరూ మూరెడు దూరంలో నిలబడి, ఒకరి మాట ఒకరికి నా నోటితో చెప్పించుకుంటారు.

ఆ రోజు కూడా అంతే. మేస్త్రి వచ్చి, పైపుల గుట్ట దగ్గరున్న కత్తెరకి వీపు చూపించి నిలబడ్డాడు.

"మామయ్యా, చెప్పు ఆయనకి. పద్దెనిమిది మీటర్ల ఎత్తు ముఖం. నిలువు పైపులు పద్నాలుగు వరసలు, ఒక్కోటి నేల నుంచి పై దాకా పద్దెనిమిది మీటర్లు. అడ్డ పైపులు తొమ్మిది లిఫ్టులకి, లోపల వరసకీ బయట వరసకీ, పన్నెండేసి మీటర్లు. పొట్టి పైపులు అరవై మూడు. క్లాంపులు రెండువందల యాభై రెండు. అతుకులవీ, ఏటవాలు పైపులవీ, గోడకి కట్టేవీ వేరే."

లిఫ్టంటే బటన్ నొక్కితే పైకి తీసుకుపోయేది కాదు. పరంజాలో ఒక అడ్డ వరసకీ దాని పై వరసకీ మధ్య మనిషి నిలబడేంత జాగా, రెండు మీటర్లు. మేస్త్రీలు ఆ వరసనే లిఫ్టని పిలుస్తారు. నేల దగ్గరొకటి, ఆ పైన రెండు మీటర్లకొకటి చొప్పున పదహారు మీటర్ల దాకా ఎనిమిది, వెరసి తొమ్మిది. పదహారు మీటర్ల మీద పలకలు పరుచుకుని నిలబడితే పద్దెనిమిదో మీటరు చేతికందుతుంది. ప్రతి లిఫ్టులోనూ ప్రతి నిలువు పైపుకీ అడ్డ పైపుని పట్టే క్లాంపు ఒకటి, లోపలి పైపుకీ బయటి పైపుకీ మధ్య వేసే పొట్టి పైపుని పట్టేది ఇంకోటి. రెండు మీటర్లకి రెండు క్లాంపులన్నమాట. అంటే పద్దెనిమిది మీటర్ల నిలువు పైపు ఒంటి మీద పద్దెనిమిది క్లాంపులుండాలి. మీటరుకొకటి. ఎక్కాలు రాని వాడు కూడా పైపు ముందు నిలబడి తలెత్తి లెక్కపెట్టుకోవచ్చు.

"బాబాయ్," అన్నాడు కత్తెర, గుట్టతో మాట్లాడుతున్నట్టు. "అడగండి వాణ్ణి. మనుషులు తొమ్మిది లిఫ్టుల మీదా ఒకేసారి నిలబడి పని చేస్తారా? లేక అందులో ఎనిమిది బట్టలారేసుకోడానికా?"

"పనికొచ్చేవే అడిగానని చెప్పు మామయ్యా."

"వాడెప్పుడూ అంతే బాబాయ్. ఒకటి చాలిన చోట రెండడుగుతాడు. యార్డు ఖాళీ అయితే వాడికి కడుపు నిండుతుంది."

"కోసి పంపితే ఊరుకోనని చెప్పు."

"ఊరుకోక ఏం చేస్తాడట? మళ్లీ పానా ఎత్తుకుపోతాడా?"

మేస్త్రి మెడ ఎర్రబడింది. విసురుగా వెళ్లిపోయాడు. నేను మధ్యలో నోరు తెరిచి ఉన్నాను, ఎవరి మాట మోయాలో తెలియక.

వాడు చెప్పని సంగతి ఒకటుంది. ఆ భవనం ముఖం పొడవు నిజానికి ఇరవై నాలుగు మీటర్లు. వాడు సగానికే అడిగాడు. ముందు ఒక సగం కింది నుంచి పైదాకా కట్టి, ప్లాస్టరు పై నుంచి కిందికి దిగే కొద్దీ పై నుంచే విప్పుకుంటూ వచ్చి, అదే సరుకు పక్క సగానికి మోసి మళ్లీ కట్టాలని వాడి పథకం. వాడకం తిప్పుకోవడమంటే అది. మంచి పథకమే. కానీ ఆ ముక్క బావ చెవిన వేస్తే నాలిక అరిగిపోతుందని వాడి భయం.

కత్తెరకీ వాడకం తిప్పుకోవడం తెలుసు. కాకపోతే ఆయన దాన్ని నిలువునా తిప్పాడు. పైకి పోయే కొద్దీ కింది లిఫ్టుల్లోవి విప్పి పైన వేసుకోవచ్చు కదా అనుకున్నాడు. పలకలు అలాగే తిరుగుతాయి, పలకల కింద అదనంగా వేసే పొట్టి పైపులూ తిరుగుతాయి, పలకల అంచున చేతి పట్టు పైపులూ తిరుగుతాయి. మిగతావి ఎందుకు తిరగవు? కాబట్టి నిలువు పైపులు పూర్తిగా ఎక్కించి, అడ్డ పైపులూ, పొట్టివీ, క్లాంపులూ మాత్రం ఐదు లిఫ్టులకి సరిపడా పంపాడు. క్లాంపులు నూట నలభై.

అలా ఒకే వాడకాన్ని ఇద్దరూ చెరోసారి తిప్పేశారు. మొదటి తిప్పు సరైనదే. రెండోది మనుషుల్ని చంపేది. రెండు తిప్పులున్నాయన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఒకరితో ఒకరు మాట్లాడరు కదా.

సరుకు దిగాక మేస్త్రి చూసుకున్నాడు. తక్కువైందని వాడికి ఒక్క చూపులో తెలిసిపోయింది. ఇంకొకడైతే ఫోను చేసి నాలుగు తిట్టి తెప్పించుకునేవాడు. వీడు ఫోను జేబులో పెట్టుకుని, పళ్లు బిగించి, ఆయన పంపిన దాంతోనే కట్టి చూపిస్తా అనుకున్నాడట. రెండేసి మీటర్లకి లిఫ్టులు వేసుకుంటూ పైకెక్కాడు, ఎక్కాక కింద ఒకటి వదిలి ఒకటి విప్పుకుని పైన వేసుకున్నాడు. చివరికి మిగిలినవి నేల దగ్గరొకటి, నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు మీటర్ల దగ్గర. ఐదంటే ఐదు. ప్లాస్టరు కిందికి దిగేటప్పుడు పైది విప్పి మధ్యలో వేసుకుంటే సరిపోతుందని వాడి లెక్క. దూరం నుంచి చూస్తే పొడుగ్గా, శుభ్రంగా, బీద ఇంటి కిటికీలా ఉంది.

ప్లాస్టరు మొదలుపెట్టే పొద్దున నేనూ కత్తెరా పరంజా ముందు కట్టే పచ్చ వల వేసుకుని బండిలో వెళ్లాం. మేస్త్రి మమ్మల్ని చూసి, అంటే నన్ను చూసి, పరిగెత్తుకొచ్చాడు.

"వల ఇలా తే మామయ్యా, ముందది కట్టేద్దాం."

వాడికి వల మీద అంత ప్రేమ నేనెప్పుడూ చూడలేదు.

అప్పటికే మేస్త్రి అక్క ముఠా వచ్చేసింది. సిమెంటు కలిపేశారు. పై పలకల మీదికి తాడుతో మొదటి తట్టలు లాగుతున్నారు. తను కొంగు నడుముకి బిగించుకుని, ఎక్కబోతూ నిలువు పైపు మీద చెయ్యి వేసింది. పైన తట్ట దించినప్పుడు ఆ పైపు ఆమె చేతిలో వణికింది. తలెత్తి చూసింది. పైపు మీద రెండు మీటర్ల ఎత్తులో తెల్లగా మెరిసే గాటొకటి ఉంది. క్లాంపు కరిచిన చోటు. క్లాంపు లేదు.

"ఆపండే," అంది. తాడు ఆగింది. "పైనున్నవాళ్లు దిగండి. ఒక్కొక్కరే, మెల్లగా."

"ఏమైందక్కా?" అన్నాడు మేస్త్రి.

తను వాళ్లు దిగేదాకా ఆగింది. తర్వాత ఆ పైపు ముందు నిలబడి, వేలు చూపిస్తూ, అందరికీ వినిపించేలా లెక్క మొదలుపెట్టింది. నేల దగ్గర రెండు. రెండు మీటర్ల దగ్గర సున్నా. నాలుగు దగ్గర రెండు. ఆరు దగ్గర సున్నా. పై దాకా వెళ్లి ఆగింది.

"పది. పద్దెనిమిది మీటర్ల పైపుకి పది క్లాంపులు. మిగతా ఎనిమిదీ ఎవరు మింగారు?"

"అది నిలబడుతుందక్కా. నిన్నటి నుంచి నిలబడే ఉంది."

"ఖాళీగా నిలబడింది. నువ్వు కూడా ఖాళీగా బాగానే నిలబడతావు. బరువు నెత్తినెడితే కదా తెలిసేది."

"పడితే నా తలకాయ తీసుకో."

"నీ తలకాయ నాకెందుకురా? దాన్ని ఏ గోడకి పూయను? పైకెక్కేవి నా ముఠా తలకాయలు."

కత్తెర నవ్వాడు. పెద్దగా, కావాలని.

"విన్నారా బాబాయ్? పరంజా మేస్త్రట! పందిరి వేయడం కూడా చేతకాని వెధవ."

"నోరు ముయ్యమని చెప్పు మామయ్యా! సగం సరుకు పంపింది ఎవరో అడుగు!"

"సగమా? వాడడిగిందే రెట్టింపు! ఐదు లిఫ్టులు చాలవా? కిందివి పైకి తిప్పుకోవచ్చు కదా!"

"తిప్పాను! అదే చేశాను! చూడమను, తిప్పితే ఎలా ఉందో!"

నేను మెడ అటూ ఇటూ తిప్పుతూ అలిసిపోయాను. ఆ రోజు నా మెడ తిరిగిన తిరుగుళ్లకి, దాన్ని నూతికి గిలకగా కట్టి ఉంటే చెరువంత నీళ్లు తోడేసేవాణ్ణి.

అక్క నెమ్మదిగా వచ్చి మొగుడి ముందు నిలబడింది. పక్కనే గచ్చు ఊడ్చే చీపురుంది. అందులోంచి పొడుగాటి పుల్లొకటి పీకింది. ఒక కొన నేల మీద ఆనించి, పై కొన మీద వేలితో నొక్కింది. పుల్ల వెంటనే విల్లులా వంగింది.

"చూశావా? ఇప్పుడు మధ్యలో పట్టుకో."

"నేనెందుకు..."

"పట్టుకో!"

కత్తెర రెండు వేళ్లతో పుల్ల నడుం పట్టుకున్నాడు. అక్క మళ్లీ నొక్కింది, ఈసారి బలంగా. పుల్ల కదల్లేదు.

"ఆ రెండు వేళ్లే అడ్డ పైపులు. మనిషి నిలబడ్డానికి కాదు అవి. నిలువు పైపు నడుం పట్టుకోడానికి. మధ్యలో పట్టు తీసేసి దూరం రెట్టింపు చేస్తే పైపు మోసే బలం సగానికి కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. పలక తిప్పుకో, చేతి పట్టు తిప్పుకో. నడుం పట్టుకున్న చెయ్యి తిప్పుకోడానికి లేదు, మీద బరువున్నంత సేపూ. నువ్వు నా నడుం విరగ్గొట్టడానికి పంపావు ఆ ఐదు లిఫ్టులు."

కత్తెర పుల్ల వదిలేశాడు. ముఖంలో నవ్వు లేదు గానీ, తప్పు ఒప్పుకునే ముఖమూ కాదది.

"వాడు సగం ముఖానికే కడుతున్నాడని నాకెవరు చెప్పారు? చెబితే పంపేవాణ్ణి."

"నువ్వడిగావా?"

"వాడితోనా!"

"మరి నువ్వు?" అంది తమ్ముడి వైపు తిరిగి. "తక్కువొచ్చిందని చూశావు కదా. ఎందుకడగలేదు?"

మేస్త్రి నేల చూశాడు. "ఆయన్నా? నేనా?" అన్నాడు. ఆ మాట వాడికి న్యాయంగానే కనిపించింది, పాపం.

అక్క ఇద్దర్నీ ఒకసారి చూసింది. చూపుకి బరువుంటే ఆ పరంజా అప్పుడే పడిపోయేది.

"మూడు ముక్కలు చెబుతా. ముందు పలకలూ తట్టలూ దించెయ్యాలి. తర్వాత నాలుగు లిఫ్టులు తిరిగి రావాలి, కింది నుంచి పైకి వేసుకుంటూ. ఆ సరుకు కావాలని వీడు ఆయన్ని అడగాలి. తన నోటితో. మామయ్య నోటితో కాదు. అప్పటి దాకా నా ముఠా ఇక్కడే కూర్చుంటుంది."

ముఠా అంతా ఇసక గుట్ట మీద కూర్చుంది. మేస్త్రి పలకలు దించించాడు. అది చేశాక, పరంజాకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. కత్తెర బండికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఎండ పైకొస్తోంది. కలిపిన సిమెంటు తొట్టిలో బిగుస్తోంది. అందరూ దాన్నే చూస్తున్నారు.

"గట్టిపడిపోతోందక్కా," అంది ముఠాలో ఒకామె.

"పోనీ. ఎముకల కంటే త్వరగా దొరుకుతుంది సిమెంటు."

"మామయ్యా," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి, "కాస్త ఆయనతో..."

"నాకు చెవుడొచ్చింది," అన్నాను. "ఇప్పుడే వచ్చింది. రెండు చెవులకీ."

అక్క లేచి, పార తీసుకుని, బిగిసిన సిమెంటుని తొట్టిలోంచి తవ్వి చెత్తలోకి విసిరింది. ఒక పార. ఇంకో పార. దేనికీ ముఖం చిట్లించలేదు. మూడోది విసురుతుంటే మేస్త్రికి ఓపిక నశించింది.

"నూట పన్నెండు క్లాంపులు!" అని అరిచాడు. ఆకాశంలోకి కాదు, నా వైపు కాదు, తిన్నగా బావ ముఖంలోకి. "వినబడిందా? నూట పన్నెండు!"

"వినబడింది, చెవుడు బాబాయికి, నాక్కాదు! పొట్టి పైపులెన్ని?"

"ఇరవై ఎనిమిది! లిఫ్టుకి ఏడు, నాలుగు లిఫ్టులకి! లెక్క రాదా?"

"నీకు వస్తే ముందే అడిగేవాడివి! పొడుగువి?"

"ఆరు మీటర్లవి పదహారు!"

"అతుకులకి జాయింటు క్లాంపులక్కర్లేదా, తెలివైనవాడా?"

"ఎనిమిది! పంపి చావు!"

"నువ్వే చావు! తుప్పు పట్టినవి ఇవ్వనా, కొత్తవివ్వనా?"

"నీ మొహానికి కొత్తవి ఎప్పుడైనా ఉన్నాయా?"

వాళ్ల మధ్య అన్నాళ్ల తర్వాత నడిచిన మొదటి సంభాషణ అది. ముద్దొచ్చేలా ఉందని నేను అనను. కానీ ఒక్క అంకె తప్పు పోలేదు. లిఫ్టుకి ఇరవై ఎనిమిది క్లాంపులు, నాలుగు లిఫ్టులకి నూట పన్నెండు, అప్పటికే ఉన్న నూట నలభైతో కలిపితే రెండువందల యాభై రెండు. కత్తెర బండి తిప్పుకుని దుమ్ము లేపుకుంటూ పోయాడు. ఆ దుమ్ము పక్క వీధిలో మూడు ఇళ్లకి సున్నం వేసిందని తర్వాత విన్నాను.

సరుకొచ్చింది. కోయకుండా వచ్చింది. మేస్త్రి నడుముకి బెల్టు తగిలించుకుని, కింది నుంచి పైకి నాలుగు లిఫ్టులూ వేశాడు. వాడు బిగించే ప్రతి బోల్టునీ అక్క కింద నిలబడి చూసింది. పనిలో వాడి చెయ్యి మంచిదే, అది నేను కాదనను. అయిపోయాక తను పద్నాలుగు నిలువు పైపుల చుట్టూ తిరిగి, ఒక్కోదాని కింద ఆగి, పద్దెనిమిది లెక్కపెట్టుకుంది. గోడకి కట్టిన కట్లు చూసింది. ఏటవాలు పైపులు చూసింది.

"ఇప్పుడు ఎక్కండి," అంది.

ముఠా లేచింది.

"మీరు కాదే. వాళ్లిద్దరూ."

"నేనా? నేనెందుకు?" అన్నాడు కత్తెర. ఆయనకి ఎత్తంటే బల్ల మీదెక్కి బల్బు మార్చడం కూడా పడదు.

"నీ పైపులు, వాడి కట్టడం. మీరెక్కని దాని మీద నా వాళ్లు ఎందుకెక్కాలి?"

ఎక్కారు. పలకలు మేస్త్రి అప్పటికే మళ్లీ పరిచి, చేతి పట్టు వేసి ఉంచాడు. మేస్త్రి ముందు, కత్తెర వెనక, ఒక్కో మెట్టుకీ ఒక్కో దేవుణ్ణి తిడుతూ. పైన పలకల మీద ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర, ఒకరికొకరు వీపు చూపించుకుని నిలబడ్డారు. అక్క తాడుతో తట్టలు పంపమంది. ఒకటీ రెండూ కాదు, పనికి కావలసినన్ని. తను మళ్లీ అదే పైపు మీద అరచెయ్యి ఆనించింది. చాలా సేపు ఉంచింది.

"దిగండి," అంది చివరికి. తర్వాత తనే ఎక్కింది, ముఠా వెనక ఎక్కింది. పొద్దు వాలే లోపల పై వరస గోడ బూడిద రంగులో నున్నగా తయారైంది.

పని దించుకుంటూ నేల దాకా వచ్చింది. మొదటి సగం అయిపోయింది. మేస్త్రి పై నుంచి విప్పుకుంటూ దిగి, పైపులు పక్క సగం ముందు పొడవుల వారీగా పేర్చుకున్నాడు.

"అక్కా, రేపు ఈ సగం మొదలుపెడతా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"అక్కర్లేదు. వేరే మేస్త్రికి చెప్పాను."

వాడికి అర్థం కాలేదు. "సరుకు సరిగ్గానే ఉంది కదా. పద్దెనిమిదికి పద్దెనిమిది పడతాయి కదా."

"పడతాయి."

"మరి?"

"నువ్వు ఆ రోజు వల కట్టేద్దామని పరిగెత్తుకొచ్చావు చూడు. ముందు వల. నా మనుషులు ఎక్కకముందు, నేను చూడకముందు. క్లాంపులు తక్కువ కావడం ఆయన కోత. దాన్ని వలతో కప్పుదామనుకోవడం నీది."

వాడు నా వైపు చూశాడు. నాకు మళ్లీ చెవుడొచ్చింది.

"నేను నీ తమ్ముణ్ణక్కా."

"అందుకే చెయ్యి ఎత్తలేదు. వెళ్లు."

వాడు బెల్టు విప్పి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా వెనక్కి చూడలేదు, ఆ తర్వాత అక్క ఇంటి గుమ్మం తొక్కలేదు. యార్డుకి వస్తాడు. పైపులు కావాలిగా. కత్తెరతో ఇప్పుడు నేరుగానే మాట్లాడతాడు, అరుపుల్లో, అంకెల్లో, ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు నొక్కేసేంత దగ్గరగా నిలబడి. అక్క పేరు మాత్రం ఎత్తడు.

కత్తెర బాగుపడ్డాడా అని అడుగుతారేమో. లేదు. మొన్న ఎవరో పలకలు నలభై అడిగితే ఇరవై అన్నాడు. అక్క లోపలి నుంచి వచ్చి ఆ వచ్చినాయన్ని ముఖం ఎంత ఎత్తు, ఎంత పొడవు, ఒకేసారి కడతావా సగాలుగా కడతావా అని అడిగింది. సమాధానాలు విని, ముప్పై ఆరు ఎక్కించమని నాతో చెప్పింది. మొగుడు ఏదో గొణిగాడు. తను వినబడనట్టు గేటు వైపు చూస్తూ నిలబడింది, అడిగిన దాంట్లో తను తగ్గించిన నాలుగు పలకలు కూడా ఎవరైనా బండెక్కించేస్తారేమోనన్నట్టు.